హోల్‌సేల్ అట్టపెట్టెల క్యాప్షన్: కనీస ఆర్డర్, స్లాబ్ రేట్లు, డెలివరీ ఎలా రాస్తే కొనేవాళ్లకు సరిగ్గా అర్థమవుతుంది?

కాశిబుగ్గ_గోదాం

అందరికీ నమస్కారం. వరంగల్ కాశిబుగ్గలో మా నాన్న మొదలుపెట్టిన ప్యాకింగ్ సామాన్ల గోదాం రెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. అట్టపెట్టెలు, టేపులు, బబుల్ రోళ్లు అమ్ముతాం. ఎక్కువగా పోయేది 12×9×6 అంగుళాల త్రీ ప్లై పెట్టె. పోయిన నెల దాని ఫొటో పెట్టి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ క్యాప్షన్ రాశాను:

"షాపులకు, తయారీదారులకు హోల్‌సేల్ పెట్టెలు! కనీస ఆర్డర్ 250. రేట్లు: 250–500 వరకు రూ.16, 500–1000 వరకు రూ.14, 1000 పైన రూ.12.50. వరంగల్ చుట్టుపక్కల అంతటా ఫ్రీ డెలివరీ. మీ పేరుతో ప్రింటింగ్ కూడా చేసి ఇస్తాం."

ఫోన్లు బాగానే వచ్చాయి. వాటితోపాటు మాటపట్టింపులు కూడా వచ్చాయి. ఒక బేకరీ ఆయన ఐదు సైజుల్లో తలా 50 కావాలన్నారు, మొత్తం 250 అవుతుంది కదా అని. ములుగు నుంచి ఒకాయన 250 పెట్టెలు ఆర్డర్ ఇచ్చి ఫ్రీ డెలివరీ అడిగారు. ముందే రాశాను కాబట్టి కాదనలేక పంపాను. ట్రాలీ ఆటోకు పోను రాను 1,800 అయింది. ఇంకొకరు సరిగ్గా 500 తీసుకుని "16కా, 14కా?" అని అడిగితే నాకే జవాబు దొరకలేదు.

ఈ క్యాప్షన్ మళ్లీ రాయాలి. ఏం మార్చాలో చెప్పండి.

కరీంనగర్_ఎలక్ట్రికల్స్

చెల్లె, స్లాబ్ అంటే కరెంటు బిల్లు లెక్కే. 600 తీసుకుంటే మొదటి 500కు 16 చొప్పున 8,000, మిగిలిన 100కు 14 చొప్పున 1,400. మొత్తం 9,400. అట్ల రాస్తే ఎవరూ అడగరు. 500 ఏ స్లాబులో పడుతుందన్న పంచాయతీ కూడా ఉండదు, ఎందుకంటే ఎక్కడ లెక్కపెట్టినా ఒకటే వస్తుంది.

నర్సంపేట_పచ్చళ్ళు

అన్నా, అట్ల ఎవరిస్తారు? నేను సీసాలు, మూతలు, పెట్టెలు అన్నీ హోల్‌సేల్‌లోనే తీసుకుంటాను. 600 తీసుకుంటే 600కూ 14 రేటే వేస్తారు. అంటే 8,400. మీరు చెప్పిన లెక్కకు వెయ్యి రూపాయలు తేడా. ఆ వెయ్యితో నాకు రెండు నెలల టేపు వస్తుంది.

పెట్టెల_మేస్త్రి

ఇరవై ఏళ్లకు పైగా పెట్టెల యూనిట్‌లో పనిచేశాను, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

కరెంటు బిల్లు పద్ధతి తప్పు కాదు. కానీ మన మార్కెట్లో కొనేవాళ్లు మొత్తం సరుకుకు ఒకే రేటు అనుకునే వస్తారు. కాబట్టి నర్సంపేట చెల్లె చెప్పిందే వాడుక. అయితే ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. అది మీ క్యాప్షన్‌లో ఇప్పటికే ఉంది.

మీరు పెట్టెలు 25 చొప్పున కట్టలు కట్టి ఇస్తారు కదా. 425 పెట్టెలకు 16 చొప్పున 6,800. 450కి 7,200. 475కి 7,600. 500 అయితే 14 చొప్పున 7,000 మాత్రమే. అంటే 450 తీసుకున్నవాడు 500 తీసుకున్నవాడికంటే 200 రూపాయలు ఎక్కువ కడుతున్నాడు, పైగా రెండు కట్టలు తక్కువ తీసుకుపోతున్నాడు. ఈ సంగతి వాడికి ఇంటికి వెళ్లాక తెలిస్తే మళ్లీ మీ దగ్గరకు రాడు. కరెంటు బిల్లు లెక్కలో ఈ తిరకాసు రాదు, ఆ మాటవరకు కరీంనగర్ తమ్ముడు చెప్పింది నిజం.

దీనికి మందు సులభం. క్యాప్షన్‌లోనే "450, 475 కావాల్సినవాళ్లు 500 తీసుకోండి, బిల్లు తగ్గుతుంది" అని ఒక్క లైను రాయండి.

ఇంకోటి అడగాలి. మీకు ఆ పెట్టె ఎంతకు పడుతుంది? ఇక్కడ మీ షాపు పేరు లేదు కాబట్టి అడుగుతున్నా. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయండి.

కాశిబుగ్గ_గోదాం

చెప్పడానికేం లేదన్నా. గోదాంలో దించుకునేసరికి 11 రూపాయల 20 పైసలు.

పెట్టెల_మేస్త్రి

అయితే ఒకసారి లెక్క చూడమ్మా. 250 అమ్మితే పెట్టెకు 4.80 మిగులుతుంది, మొత్తం 1,200. 500 అమ్మితే పెట్టెకు 2.80, మొత్తం 1,400. 1,000 అమ్మితే పెట్టెకు 1.30, మొత్తం 1,300.

వెయ్యి పెట్టెలు మోసి, దించి, ఐదు వందలకు వచ్చినదానికంటే వంద తక్కువ సంపాదిస్తున్నారు. స్లాబ్ రేటు పక్క గోదాంవాడిని చూసి పెట్టుకోకూడదు. సరుకు పెరిగితే మీకు ఖర్చు ఎక్కడ తగ్గుతుందో అక్కడే రేటు తగ్గాలి. వెయ్యికి మీకు మిల్లు నుంచి ఏమైనా తక్కువకు వస్తోందా? రాకపోతే 13 కంటే కిందికి దిగకండి. 13 అయితే పెట్టెకు 1.80, వెయ్యికి 1,800 మిగులుతుంది. అప్పుడు 925 పెట్టెలకు 12,950, వెయ్యికి 13,000. కాబట్టి 950, 975 అడిగినవాళ్లకే "వెయ్యి తీసుకోండి" అని చెప్పాల్సి వస్తుంది.

ములుగు సంగతి కూడా ఇక్కడే తేలిపోయింది. 250 మీద మిగిలింది 1,200, ఆటోకు ఇచ్చింది 1,800. చేతి నుంచి ఆరు వందలు పోయాయి.

కాశిబుగ్గ_గోదాం

పొద్దున్నే నోట్‌బుక్ తీసి పోయిన నెల బిల్లులన్నీ ఈ లెక్కకు పెట్టి చూశాను. వెయ్యి పెట్టెల ఆర్డర్లు ఆరు. ఒక్కోదాంట్లో 1,300. వాటిలో మూడింటికి ఊళ్లోనే ఫ్రీగా దింపాను, 400 చొప్పున ఆటో. మిగిలింది 900. పెద్ద ఆర్డర్ వచ్చిందని నాన్నకు సంతోషంగా చెప్పుకున్నవే అవి. మిల్లు వాళ్లను అడిగాను, నేను ఒకేసారి ఐదు వేలు తీసుకుంటే తప్ప రేటు తగ్గించరట. వెయ్యికి 13 చేస్తున్నాను.

కొత్తవాడ_దర్రీలు

మాది కొత్తవాడ. దర్రీలు చుట్టి పంపడానికి పొడుగు ప్లాస్టిక్ కవర్లు, 6 అడుగులవి దొరుకుతాయా? కనీసం ఎన్ని తీసుకోవాలి? పెట్టెల్లో మాకు పట్టవు.

కాశిబుగ్గ_గోదాం

అన్నా, అవి మా దగ్గర రోల్‌గా ఉంటాయి, మీకు కావల్సిన పొడుగు కోసుకోవచ్చు. కిలో లెక్క, కనీసం ఒక రోల్. వివరాలు మెసేజ్ చేస్తాను. ఇక్కడ క్యాప్షన్ గురించి మాట్లాడుకుంటున్నాం.

కొత్తవాడ_దర్రీలు

సరే చెల్లె. కానీ చూడండి, మీ క్యాప్షన్ చదివి నేను అడిగిన ప్రశ్నే మిగతావాళ్లూ అడుగుతారు. "కనీస ఆర్డర్ 250" అంటే దేనికి 250 అన్నది లేదు.

పెట్టెల_మేస్త్రి

ఆయన అన్నది సరైన మాట. కనీస ఆర్డర్ మీ దగ్గర రెండు రకాలు. రెండింటికీ కారణాలు వేరు.

గోదాంలో తయారుగా ఉన్న సైజుకు కనీస ఆర్డర్ మీ ఇష్టం. కట్ట విప్పకుండా అమ్మాలి, బిల్లు రాసిన శ్రమకు గిట్టాలి, అంతే. బేకరీ ఆయనకు ఐదు సైజులు తలా రెండు కట్టలు ఇవ్వడంలో మీకు పోయేదేం లేదు, అన్నీ స్టాకులో ఉంటే. ఇచ్చేయండి, కానీ రేటు 16 మీదే ఉంచండి. మొత్తం 500 దాటినా సరే, సైజులు కలిపి 14 రేటు ఇస్తారో లేదో ముందే రాయండి. లేకపోతే తర్వాతి గొడవ అదే.

కొత్త సైజు చేయించాలన్నా, పేరు ప్రింట్ చేయించాలన్నా కథ వేరు. యూనిట్‌లో మడత గీతలు వేసే చక్రాలు, మూతల సందులు కోసే బ్లేళ్లు ఆ సైజుకు జరిపి బిగించాలి. ప్రింటింగ్ ఉంటే రబ్బరు బ్లాకు చేయించి, రోలర్‌కు అంటించి, రంగు సరిగ్గా పడేదాకా షీట్లు నడపాలి. మొదటి పదిహేను ఇరవై షీట్లు చెత్తలోకే పోతాయి. వంద పెట్టెలకైనా వెయ్యికైనా ఆ బిగింపు టైము ఒకటే. అందుకే ప్రింటింగ్‌కు వెయ్యి అడుగుతారు, అది ఒక డిజైన్‌కు ఒక సైజుకు వెయ్యి. బ్లాకు డబ్బులు మొదటిసారి విడిగా తీసుకోండి, రెండోసారి ఆర్డర్‌కు అదే బ్లాకు వాడతారు కాబట్టి అక్కర్లేదు.

ములుగు_తేనె

మీ ఆటో దింపించుకున్నది నేను కాదు కానీ మాది కూడా ములుగే, ఇక్కడి నుంచి ఒక మాట చెప్పాలి. మేం తేనె సీసాలు పంపుతాం. "వరంగల్ చుట్టుపక్కల" అని చదివితే మాది చుట్టుపక్కలే అనుకుంటాం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉన్నవాళ్లం, ఇప్పటికీ అందరం అట్లనే చెప్పుకుంటాం. ఊరి పేర్లు రాయండి. ఫ్రీ కాకపోయినా పర్వాలేదు, ఎంత అవుతుందో ముందే తెలిస్తే మేం ముగ్గురం కలిసి తెప్పించుకుంటాం.

"ఇంటి దగ్గర దింపుతాం" అని రాసే సప్లయర్లతో నాకు ఇంకో ఇబ్బంది వచ్చింది. మాది మొదటి అంతస్తు. ఆటో అబ్బాయి గేటు దగ్గర దింపి వెళ్లిపోయాడు. సన్నగా వాన. నేను, మా అత్తమ్మ నలభై కట్టలు పైకి మోశాం. కింద వరసలో ఉన్న నాలుగు కట్టలకు నీళ్లు పీల్చి అడుగు మూతలు మెత్తబడ్డాయి. ఆ పెట్టెల్లో సీసాలు పెడితే అడుగు జారిపోతుంది, పారేయాల్సి వచ్చింది. ఎవరిది బాధ్యత అంటే ఎవరూ మాట్లాడలేదు.

కాశిబుగ్గ_గోదాం

అక్కా, మీరు చెప్పింది నాకు తట్టనే లేదు. "గేటు వరకు దింపుతాం, మెట్లెక్కించడం విడిగా" అని రాస్తాను. వానాకాలంలో టార్పాలిన్ లేకుండా బండి కదలకూడదని మా డ్రైవర్లకు ఈ రోజే చెప్పాను. దింపేటప్పుడే తడి కనిపిస్తే అక్కడే ఫొటో తీసి పంపండి, ఆ కట్ట మార్చి ఇస్తాను. ఇదీ క్యాప్షన్‌లో పెడుతున్నాను.

ఊళ్ల విషయం కూడా ఇట్ల అనుకుంటున్నాను: మంగళవారం నర్సంపేట వైపు, శుక్రవారం పరకాల, భూపాలపల్లి వైపు బండి వెళ్తుంది. ఆ రోజుల్లో దారిలో ఉన్నవాళ్లకు కట్ట లెక్కన కిరాయి తీసుకుంటే అందరికీ తక్కువ పడుతుంది. ములుగుకు ముగ్గురు కలిస్తే చెప్పండి, శుక్రవారం బండి అటు కూడా తిప్పుతాను.

జమ్మికుంట_రెడీమేడ్స్

రేట్ల గురించి ఇంత మాట్లాడారు కానీ ఆ రేటుకు ఏ పెట్టె ఇస్తున్నారన్నది ఎవరూ అడగలేదు. నాకు జరిగింది చెబుతాను.

రెండేళ్ల క్రితం ఒకరి దగ్గర 250 తీసుకున్నాను, పెట్టె గట్టిగా ఉంది. బాగుందని వెయ్యి ఆర్డర్ ఇచ్చాను, రేటు తగ్గించారు. సరుకు వచ్చింది. చూడ్డానికి అదే సైజు, అదే రంగు. చొక్కాలు సర్ది నాలుగు వరసలు పేరిస్తే కింది పెట్టె మూలలు నలిగాయి. అనుమానం వచ్చి పాత పెట్టెలు పది, కొత్తవి పది షాపులోని కాటా మీద పెట్టాను. పాతవి 2 కిలోల 200 గ్రాములు. కొత్తవి 1 కిలో 850. రేటు ఎట్ల తగ్గిందో అప్పుడు అర్థమైంది. పల్చటి కాగితం వేశారు.

అప్పటి నుంచి నేను మొదట అడిగేది "పది పెట్టెల బరువెంత?" అనే. బరువు చెప్పని సప్లయర్ దగ్గర కొనను.

పెట్టెల_మేస్త్రి

తమ్ముడు చేసిన పరీక్షే అన్నింటికంటే నమ్మదగినది. దాని వెనక లెక్క ఇది: 12×9×6 పెట్టె విప్పితే షీటు సుమారు 43.5 అంగుళాలు × 15 అంగుళాలు, అంటే చదరపు మీటరులో 0.42. మూడు పొరలూ 150 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 150 గ్రాములు తూగే కాగితమైతే, మధ్య పొర అలలుగా ఉంటుంది కాబట్టి అది ఒకటిన్నర రెట్ల దాకా పడుతుంది. మొత్తం కలిపితే పెట్టె 215 నుంచి 220 గ్రాములు. పదికి 2.2 కిలోలు. జమ్మికుంటకు మొదట వచ్చింది అదే. 185 గ్రాములు రావాలంటే కాగితం 130 జీఎస్ఎం దగ్గరకు దిగి ఉండాలి.

ఒక జాగ్రత్త. వానాకాలంలో కాగితం తేమ పీల్చి కాస్త బరువు పెరుగుతుంది. ఐదారు శాతం అటూ ఇటూ తేడాకు గొడవ పడకండి. పదహారు శాతం తగ్గడం మాత్రం తేమ పని కాదు. అలాగే బరువు ఒక్కటే గట్టిదనం చెప్పదు, పాత కాగితం మళ్లీ మళ్లీ కలిపి చేసిన కాగితం బరువుగానే ఉండి మెత్తగా ఉండొచ్చు. పెట్టె మూల వేలితో నొక్కి చూస్తే చాలావరకు తెలుస్తుంది.

ఖాతా_లెక్కలు

హన్మకొండలో షాపుల లెక్కలు రాస్తాను. క్యాప్షన్‌లో జీఎస్టీ మాటే లేదు. అట్టపెట్టెల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం. ఇంకా 12 అనుకుని వేసేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త. 16 రూపాయలు పన్ను కలిపా, కాకుండానా అన్నది రాయాలి. 250 పెట్టెలకు 4,000 అని చదివిన పచ్చళ్ల అమ్మకు బిల్లు 4,200 వస్తే మోసపోయానన్న భావన వస్తుంది. జీఎస్టీ నంబరు ఉన్న కొనుగోలుదారు ఆ 200 తిరిగి సర్దుకోగలడు. నంబరు లేనివాళ్లకు, కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లకు అది ఖర్చే. మీ కొనుగోలుదారుల్లో ఎక్కువమంది ఈ రెండోవాళ్లే అయితే రెండు అంకెలూ పక్కపక్కన వేయండి.

కరీంనగర్_ఎలక్ట్రికల్స్

12 అని నేనూ అనుకుంటున్నా. మంచిది చెప్పారు సార్. మరి కరీంనగర్‌కు డెలివరీ ఉందా?

కాశిబుగ్గ_గోదాం

మా బండి రాదన్నా. ఆర్టీసీ కార్గోలోనో ట్రాన్స్‌పోర్టులోనో వేసి రశీదు ఫొటో పంపుతాను, కిరాయి మీరు కట్టుకోవాలి.

అందరి మాటలూ కలిపి ఇట్ల రాశాను. చూడండి:

"12×9×6 అంగుళాల త్రీ ప్లై అట్టపెట్టె, పది పెట్టెల బరువు సుమారు 2.2 కిలోలు. షాపులకు, తయారీదారులకు మాత్రమే.
కనీస ఆర్డర్: 10 కట్టలు (250 పెట్టెలు). స్టాకులో ఉన్న సైజులు కలిపి తీసుకోవచ్చు, అప్పుడు ప్రతి సైజుకూ దాని 250 రేటే.
250 నుంచి 475 వరకు రూ.16. 500 నుంచి 975 వరకు రూ.14. 1,000, ఆపైన రూ.13. మొత్తం సరుకుకూ ఒకే రేటు. జీఎస్టీ 5 శాతం అదనం: 250కి బిల్లు రూ.4,200, 500కి రూ.7,350, 1,000కి రూ.13,650.
450, 475 కావాలంటే 500 తీసుకోండి. 950, 975 కావాలంటే 1,000 తీసుకోండి. బిల్లు తగ్గుతుంది.
వరంగల్, హన్మకొండ, కాజీపేటలో 500 నుంచి ఫ్రీ డెలివరీ, గేటు వరకు. మంగళవారం నర్సంపేట, శుక్రవారం పరకాల, భూపాలపల్లి: కట్ట లెక్కన కిరాయి. మిగతా ఊళ్లకు కార్గో, కిరాయి కొన్నవారిది. తడిసిన కట్ట దింపేటప్పుడే చూపిస్తే మార్చి ఇస్తాం.
మీ పేరు ప్రింట్ చేయాలంటే ఒక డిజైన్‌కు 1,000. బ్లాకు ఖర్చు మొదటిసారి మాత్రమే. రేట్లు ఈ నెలాఖరు వరకు."

పెట్టెల_మేస్త్రి

బాగుంది. ప్రింటింగ్ దగ్గర ఒకటి కలపండి. వెయ్యి ఆర్డర్ ఇస్తే యూనిట్ నుంచి సరిగ్గా వెయ్యి రావు. 960 రావచ్చు, 1,040 రావచ్చు. "ఐదు శాతం అటూ ఇటూ, వచ్చినన్నింటికే బిల్లు" అని రాయాలి.

జమ్మికుంట_రెడీమేడ్స్

అన్నా, 960 వస్తే 13 రేటా, 14 రేటా? వెయ్యి ఆర్డర్ ఇచ్చాను కాబట్టి 13 అంటాను నేను. 1,040 వస్తే ఆ నలభై నేనెందుకు కొనాలి? నా పేరు ప్రింటైనవి ఇంకెవరికీ అమ్మలేరు నిజమే, కానీ నాకూ అక్కర్లేదు కదా.

పెట్టెల_మేస్త్రి

రేటు ఆర్డర్ ఇచ్చిన సంఖ్యకే, 13. దాంట్లో అనుమానం లేదు. ఎక్కువ వచ్చినవి తీసుకోవాలన్నది పెట్టెల పరిశ్రమలో వాడుక.

జమ్మికుంట_రెడీమేడ్స్

వాడుక మీ వైపుది. నా వైపు అది 520 రూపాయలు, పన్ను కాక.

ఖాతా_లెక్కలు

ఆర్డర్ ఫారం మీద ముందే రాసి సంతకం తీసుకుంటే తీసుకోవాల్సిందే. రాయకపోతే జమ్మికుంట ఆయనదే న్యాయం అనిపిస్తుంది నాకు.

కాశిబుగ్గ_గోదాం

ఇప్పటికి నేను ఎక్కువ వచ్చినవి అడగకుండా అంటగట్టను. ప్రింటింగ్ లైను రెండు నెలలు చూసి రాస్తాను. మిల్లు వాళ్లతో కూడా మాట్లాడాలి, వాళ్లు నా మీద వేస్తే నేను ఎక్కడ దించుకోవాలి?

నర్సంపేట_పచ్చళ్ళు

చెల్లె, కొత్త క్యాప్షన్ చదివాను. నాకు 18 కట్టలు కావాలి, అంటే 450. మీ లైను చూసి 20 కట్టలు తీసుకుంటున్నా. మంగళవారం బండిలో వేయండి. మాది కింది అంతస్తే, మెట్లు లేవు. ముందు ఒక కట్ట కాటా మీద పెట్టి చూస్తాను, ఏమనుకోకండి.

కాశిబుగ్గ_గోదాం

తప్పకుండా చూడండి అక్కా. 25 పెట్టెల కట్ట ఐదున్నర కిలోల దగ్గర ఉండాలి. ఐదుకు తక్కువ వస్తే ఆ కట్ట బండిలోనే తిప్పి పంపేయండి.